పాత ఫోను చేయి దాటకముందే: ఆథెంటికేటర్ యాప్ ఎంపిక, తరలింపు

ఎక్స్ఛేంజ్‌లో ఫోను కొంటే, కొత్తది ఇంట్లోకి వచ్చే నిమిషమూ పాతది ఇంట్లోంచి పోయే నిమిషమూ ఒకటే. డెలివరీకి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే పాత ఫోను చూస్తారు. స్క్రీన్ లాక్ తీశారా, గూగుల్ అకౌంట్ తొలగించారా, రీసెట్ కొట్టారా అని అడిగి, తీసుకుని వెళ్ళిపోతారు. ఫొటోలు గూగుల్‌లో ఉన్నాయి, వాట్సాప్ చాట్లు బ్యాకప్‌లో ఉన్నాయి, కాంటాక్టులు వాటంతటవే దిగుతాయి. అంతా బాగానే ఉందనిపిస్తుంది. రాత్రి కంప్యూటర్‌లో జీమెయిల్ తెరవబోతే ఆరంకెల కోడు అడుగుతుంది. కొత్త ఫోనులో ఆ కోడు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ ఐకాన్ ఉంది. తెరిస్తే లోపల ఒక్క అకౌంట్ కూడా లేదు.

అందుకే ఆథెంటికేటర్ ఎంచుకునేటప్పుడు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే అని నా అభిప్రాయం: ఇందులో పెట్టిన అకౌంట్లను రేపు నేను బయటికి ఎలా తెచ్చుకుంటాను? కోడు చూపించడం అన్ని యాప్‌లూ ఒకేలా చేస్తాయి. అందంగా ఉందా, పేరున్న కంపెనీదా, ఎక్కువ రేటింగ్ ఉందా అన్నవి తర్వాతి మాటలు. బయటికి దారి లేని యాప్‌లో ఇరవై అకౌంట్లు పెట్టాక తెలుసుకుంటే, ఒక్కొక్క వెబ్‌సైట్‌కీ వెళ్ళి మళ్ళీ మొదటినుంచి సెటప్ చేసుకోవాల్సిందే. అదైనా లోపలికి వెళ్ళగలిగితేనే.

యాప్‌లో అసలు ఏముందో తెలిస్తే మిగతాదంతా తేలికవుతుంది. వెబ్‌సైట్‌లో రెండంచెల లాగిన్ ఆన్ చేసినప్పుడు ఒక క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది కదా, దాని లోపల ఉండేది ఇలాంటి ఒక వరుస:

```
otpauth://totp/Example:ravi@example.com?secret=JBSWY3DPEHPK3PXP&issuer=Example
```

ఇందులో అసలు సరుకు `secret=` తర్వాతి అక్షరాలు. ఆ సీక్రెట్ వెబ్‌సైట్ దగ్గర ఒక కాపీ, మీ ఫోనులో ఒక కాపీ ఉంటుంది. ఆ సీక్రెట్‌నూ, ఇప్పటి సమయాన్ని 30 సెకన్ల ముక్కలుగా లెక్కపెడితే వచ్చే సంఖ్యనూ కలిపి రెండు వైపులా ఒకే లెక్క వేస్తారు. వచ్చిన జవాబులోంచి ఆరంకెలు తీస్తారు. రెండూ కలిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఈ పద్ధతి 2011లో RFC 6238 పేరుతో ప్రమాణంగా వచ్చింది. గూగుల్‌దైనా ఇంకెవరిదైనా, ఆరంకెలు చూపే యాప్‌లన్నీ దాదాపుగా దీన్నే పాటిస్తాయి. ఫోను కూడా అక్కర్లేదు. లినక్స్ కంప్యూటర్‌లో ఇలా కొట్టినా అదే క్షణంలో అదే కోడు వస్తుంది:

```
oathtool --totp -b JBSWY3DPEHPK3PXP
```

అంటే యాప్ ఒక క్యాలిక్యులేటర్ మాత్రమే. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. విమానంలోనూ కోడు ఇస్తుంది. తరలించాల్సింది యాప్‌ను కాదు, సీక్రెట్లను. చాలామంది తడబడేది ఇక్కడే. ఆండ్రాయిడ్ కొత్త ఫోను సెటప్ చేసేటప్పుడు "పాత ఫోనులోని యాప్‌లన్నీ తెచ్చుకో" అంటే యాప్ వస్తుంది. కానీ ఆథెంటికేటర్లు తయారుచేసేవాళ్ళు మామూలుగా తమ సీక్రెట్లు ఆ బ్యాకప్‌లోకి వెళ్ళకుండా కావాలనే ఆపుతారు. వెళ్ళనిస్తే ఫోను బ్యాకప్ ఎవరి చేతికి చిక్కితే వాళ్ళకు కోడ్లన్నీ చిక్కినట్టే. కాబట్టి ఐకాన్ కనిపించింది కదా అని పాత ఫోను ఇచ్చేయకండి. తెరిచి, లోపల వరసలు లెక్కపెట్టండి.

ఇంకొక అపోహ కూడా ఇక్కడే తీసేద్దాం. బ్యాంకులు ఎస్ఎంఎస్‌లో పంపే ఓటీపీకీ దీనికీ సంబంధం లేదు. అది సిమ్‌తో వస్తుంది, సిమ్ మారిస్తే కొత్త ఫోనుకే వస్తుంది. వాట్సాప్‌లో ఉండే రెండంచెల పిన్ కూడా ఇది కాదు. అది మీరే పెట్టుకున్న, మారకుండా ఉండే ఆరంకెలు. మనం మాట్లాడుతున్నది 30 సెకన్లకొకసారి మారే కోడు గురించి: జీమెయిల్, గిట్‌హబ్, ఫేస్‌బుక్, అమెజాన్, షేర్లు కొనే బ్రోకర్ అకౌంట్ లాంటివి.

ఇప్పుడు యాప్‌ల సంగతి. మన చుట్టూ ఎక్కువమంది ఫోనుల్లో ఉండేది గూగుల్ ఆథెంటికేటర్. చాలా ఏళ్ళు దానికి ఆన్‌లైన్ బ్యాకప్ అన్నదే లేదు. 2023 ఏప్రిల్‌లో గూగుల్ అకౌంట్‌తో సింక్ అయ్యే సదుపాయం తెచ్చారు. ఫోను పోయినా కొత్త ఫోనులో గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయితే కోడ్లన్నీ తిరిగి వస్తాయి. సౌకర్యమే, కాదనను. కానీ అందులో రెండు చిక్కులున్నాయి, రెండూ చిన్నవి కావు.

మొదటిది, పెట్టె తాళంచెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేసిన చిక్కు. కోడ్లన్నీ గూగుల్ అకౌంట్‌లో ఉన్నాయి. ఆ గూగుల్ అకౌంట్ తెరవడానికి రెండో అంచెగా పెట్టుకున్నది కూడా ఇదే ఆథెంటికేటర్. పాత ఫోను చేతిలో ఉన్నంతకాలం ఇది బయటపడదు, ఎందుకంటే గూగుల్ ఆ ఫోనుకే "మీరేనా?" అని ప్రాంప్ట్ పంపి ఊరుకుంటుంది. ఫోను పోయిన రోజు ప్రాంప్ట్ రాదు. కోడు కావాలంటే అకౌంట్ కావాలి, అకౌంట్ కావాలంటే కోడు కావాలి. దీనికి విరుగుడు గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్లు: ఎనిమిదేసి అంకెలవి పది, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. `myaccount.google.com` లో సెక్యూరిటీ కింద `2-Step Verification` లోకి వెళ్ళి `Backup codes` నొక్కితే వస్తాయి. వాటిని కాగితం మీద రాసి, కింద తేదీ వేయండి. కొత్త సెట్ తీసుకుంటే పాత సెట్ మొత్తం చెల్లకుండా పోతుంది. ఇంట్లో రెండు కాగితాలు దొరికితే ఏది చెల్లుతుందో చెప్పేది ఆ తేదీయే. కాగితాన్ని పొలం పాసు పుస్తకాలు, సర్టిఫికెట్లు ఉండే ఫైల్లోనే పెట్టండి. జీమెయిల్ డ్రాఫ్టులో పెడితే మళ్ళీ అదే పెట్టె, అదే తాళంచెవి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకున్నా ఆ ఫోనుతోనే పోతుంది.

రెండో చిక్కు: గూగుల్ అకౌంట్ దొంగ చేతికి వెళ్తే, సింక్ అయిన కోడ్లన్నీ దాంతోపాటే వెళ్తాయి. ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. రీటూల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2023 సెప్టెంబరులో తనకు జరిగినదాన్ని తానే బయటపెట్టింది. ఒక ఉద్యోగికి నకిలీ లాగిన్ లింకుతో ఎస్ఎంఎస్ వచ్చింది. తర్వాత ఐటీ విభాగం మనిషినంటూ ఫోను చేసి ఒక కోడు చెప్పించుకున్నారు. దాంతో ఆ ఉద్యోగి గూగుల్ అకౌంట్ వాళ్ళ చేతికి చిక్కింది, అందులో సింక్ అయి ఉన్న కోడ్లన్నీ చిక్కాయి. అక్కడినుంచి కంపెనీ లోపలి వ్యవస్థల్లోకి దూరి 27 మంది ఖాతాదారుల అకౌంట్లను మార్చేశారు. రెండు అంచెలు అనుకున్నవి నిజానికి ఒకే అంచె అయి కూర్చున్నాయి. సింక్ మొదలుపెట్టినప్పుడు గూగుల్ దానికి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే దాచే కంపెనీ కూడా చదవలేని తాళం, ఇవ్వలేదు.

ఆథీ అనే యాప్ ఇంకో రకం పాఠం. బ్యాకప్ ఉంది, పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ అవుతుంది, బాగానే పనిచేస్తుంది. కానీ సీక్రెట్లను వేరే యాప్‌కి తీసుకుపోయే ఎక్స్‌పోర్ట్ లేదు. 2024 మార్చిలో వాళ్ళు కంప్యూటర్‌లో వాడే ఆథీని ఆపేసినప్పుడు, దాని మీదే ఆధారపడ్డవాళ్ళు వాళ్ళ మొబైల్ యాప్‌కే మారాలి, లేదంటే ప్రతి వెబ్‌సైట్‌లో మళ్ళీ సెటప్ చేసుకోవాలి. యాప్ చెడ్డదని కాదు, నిర్ణయం వాడేవాళ్ళ చేతిలో లేకుండా పోయిందని నా బాధ.

అందుకే నా మొగ్గు ఎటో చెప్పేస్తాను. ఇంట్లో అన్నీ ఆండ్రాయిడ్ ఫోనులే అయితే ఏజిస్. ఉచితం, ఓపెన్ సోర్స్, సీక్రెట్లన్నీ పాస్‌వర్డ్‌తో మూసిన ఒక ఫైలుగా మీ చేతిలో పెడుతుంది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకి మారే అవకాశం ఉంటే ఎంటే ఆథ్. అది రెండింట్లోనూ, కంప్యూటర్‌లోనూ ఉంటుంది, సింక్ కూడా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో చేస్తుంది. కాకపోతే అకౌంట్ తెరిచేటప్పుడు అది ఇచ్చే 24 పదాల రికవరీ కీని తప్పకుండా కాగితం మీద రాసుకోవాలి. పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ కంపెనీ కూడా ఏమీ చేయలేదు. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడం, ఫైలు దాచుకోవడం తమవల్ల కాదనుకునేవాళ్ళు గూగుల్ ఆథెంటికేటర్ సింక్‌నే ఉంచుకోవచ్చు, బ్యాకప్ కోడ్ల కాగితం ఉన్నంతవరకు. అమ్మానాన్నల ఫోనులో నేనైతే అదే పెట్టిస్తాను. పాస్‌వర్డ్ మర్చిపోయి అన్నీ పోగొట్టుకోవడం కంటే అది మేలు. ఒక జాగ్రత్త: ప్లే స్టోర్‌లో ఊరికే ఆథెంటికేటర్ అని వెతికితే ముందు ప్రకటనలు వస్తాయి. వాటిలో కొన్ని అసలు యాప్‌ల ఐకాన్లను పోలి ఉండి, వారానికింత అని డబ్బు అడుగుతాయి. తయారీదారు పేరు చూసి దించుకోండి. గూగుల్‌దైతే Google LLC అని, ఏజిస్‌దైతే Beem Development అని ఉంటుంది.

ఇక ఎక్స్ఛేంజ్ ఫోను సంగతికి వద్దాం. పాత ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ ఆథెంటికేటర్ ఉంది, సింక్ ఆన్ చేయలేదు, లోపల 12 అకౌంట్లు ఉన్నాయి అనుకోండి. డెలివరీ శనివారం. రెండు ఫోనులూ ఒకేసారి చేతిలో ఉండేది గుమ్మం దగ్గర అయిదు నిమిషాలే. ఆ అయిదు నిమిషాల్లో ఈ పని పెట్టుకోకూడదు. గురువారమే ముగించాలి.

మొదట కాగితం తీసుకుని 12 పేర్లూ వరసగా రాయండి. ఇదే తర్వాత సరిచూసుకునే పట్టీ. రాస్తుంటే ఒకే పేరు రెండుసార్లు కనిపించవచ్చు, ఉదాహరణకు గిట్‌హబ్ రెండు వరసలు. ఎప్పుడో మళ్ళీ సెటప్ చేసినప్పుడు పాత వరస అలాగే ఉండిపోయిందన్నమాట. వాటిలో ఒకటి చచ్చిన సీక్రెట్. ఏది బతికుందో లాగిన్ అయి చూస్తేనే తెలుస్తుంది. ఊహించి ఒకదాన్ని చెరిపేయకండి.

తర్వాత ఒక ఇబ్బంది ఎదురవుతుంది. గూగుల్ ఆథెంటికేటర్ ఎక్స్‌పోర్ట్‌ను ఫైలుగా ఇవ్వదు, తెర మీద క్యూఆర్ కోడ్‌గా చూపిస్తుంది. ఫోను తన తెరను తానే స్కాన్ చేసుకోలేదు. కాబట్టి ఇంట్లో ఇంకొకరి ఆండ్రాయిడ్ ఫోను ఒక గంట అడగండి. అందులో ఏజిస్ దించి, ఒక పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్‌ను కూడా బ్యాకప్ కోడ్ల కాగితం మీదే రాయండి, ఎందుకో ముందు ముందు చెప్తాను.

ఇప్పుడు పాత ఫోనులో గూగుల్ ఆథెంటికేటర్ తెరిచి, ఎడమ పక్క మూడు గీతల మెనూలో `Transfer accounts`, ఆ తర్వాత `Export accounts` నొక్కండి. వేలిముద్రో పిన్నో అడుగుతుంది. అకౌంట్ల జాబితా వస్తుంది, అన్నింటికీ టిక్ ఉందో లేదో చూసి ముందుకు వెళ్తే క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. ఒక క్యూఆర్‌లో మామూలుగా పది అకౌంట్ల వరకే పడతాయి. పన్నెండు ఉన్నాయి కాబట్టి క్యూఆర్‌లు రెండు. ఎక్కువమంది మోసపోయే చోటు ఇదే: మొదటిది స్కాన్ అవ్వగానే అవతలి ఫోనులో బోలెడు వరసలు కనిపిస్తాయి, పని అయిపోయిందనుకుని మూసేస్తారు. పాత ఫోనులో `Next` నొక్కి రెండోదీ చూపించాలి. అవతల వరసలు లెక్కపెట్టి 12 ఉంటేనే అయినట్టు.

ఈ క్యూఆర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ ఫొటో తీసి దాచుకోవద్దు. అది చూడటానికి యూపీఐ క్యూఆర్‌లా అమాయకంగా ఉంటుంది. కానీ అందులో పది అకౌంట్ల సీక్రెట్లు ఏ తాళమూ లేకుండా పడి ఉన్నాయి. దానికి గడువు కూడా లేదు, మూడేళ్ళ తర్వాత స్కాన్ చేసినా పనిచేస్తుంది. ఫొటో తీసిన మరునిమిషం గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కేస్తుంది, అక్కడినుంచి ఇంట్లో టీవీ, ట్యాబ్ అన్నింట్లోనూ కనిపిస్తుంది.

ఇప్పుడు రెండు ఫోనులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఎడమ వైపు పాత ఆథెంటికేటర్, కుడి వైపు ఏజిస్. పాతదాంట్లో గిట్‌హబ్ పక్కన 482 913 అని ఉందనుకోండి, ఏజిస్‌లో కూడా అవే అంకెలు ఉండాలి. ముప్ఫై సెకన్లకు రెండూ దాదాపు ఒకేసారి మారాలి. ఒకటి అర సెకను ముందూ వెనకా మారితే ఫరవాలేదు. పన్నెండు వరసలూ ఇలా చూడటానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఒక్క వరస తేడా వస్తే ఆ సీక్రెట్ తప్పుగా వచ్చింది. అన్ని వరసలూ తేడా వస్తే సీక్రెట్లలో తప్పు లేదు, ఏదో ఒక ఫోను గడియారం తప్పు.

గడియారం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే విదేశాలకు వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా కంగారుపడేది దీని వల్లే. కోడు లెక్కకు వాడే సమయం ప్రపంచమంతటా ఒకటే, టైమ్ జోన్‌తో దానికి పనిలేదు. హైదరాబాద్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా ఒకే క్షణంలో ఒకే కోడు. కానీ ఫోనులో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, టైమ్ జోన్ ఇండియాలోనే ఉంచి, ముల్లు మాత్రం చేత్తో డాలస్ సమయానికి తిప్పితే, ఫోను లెక్క ప్రకారం అసలు సమయం పదిన్నర గంటలు వెనక్కి పోతుంది, చలికాలంలో అయితే పదకొండున్నర. అన్ని వెబ్‌సైట్లలోనూ కోడ్లు తప్పని చెప్తాయి, అకౌంట్ ఎవరో కొట్టేశారని భయపడతారు. వెబ్‌సైట్లు ఓర్చుకునే తేడా సాధారణంగా ఒక అడుగు, అంటే అటూ ఇటూ ముప్ఫై సెకన్లు. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం దగ్గర ఆటోమేటిక్ ఆన్ చేస్తే అదే క్షణంలో సర్దుకుంటుంది.

కోడ్లు కలిశాక ఏజిస్ సెట్టింగ్స్‌లో `Import & Export` లోంచి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎన్‌క్రిప్ట్ చేయాలన్న టిక్ ముందే ఉంటుంది, దాన్ని తీయకండి. ఒక `.json` ఫైలు వస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టండి. పాస్‌వర్డ్ గట్టిదైతే డ్రైవ్‌లో ఉన్నా భయం లేదు. ఫైలు దొరికినా పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోదు. పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపిన పాస్‌వర్డ్ అయితే మాత్రం డ్రైవ్‌లో పెట్టకండి.

ఆ ఫైలు నిజంగా తెరుచుకుంటుందో లేదో గురువారమే చూడాలి. పాత ఫోనులోనే ఏజిస్ దించి, అరువు ఫోను ముట్టుకోకుండా, డ్రైవ్‌లోంచి ఆ ఫైలు తెచ్చి, పాస్‌వర్డ్ కొట్టి ఇంపోర్ట్ చేయండి. పన్నెండు వరసలు వచ్చాయంటే ఫైలూ బాగుంది, పాస్‌వర్డూ సరైనదే. ఇలా ఒకసారి తెరిచి చూడనిదాన్ని నేను బ్యాకప్ అనను.

పాస్‌వర్డ్ కాగితం మీద రాయమన్నది ఇందుకే. ఏజిస్‌ను రోజూ వేలిముద్రతోనే తెరుస్తాం. కానీ వేలిముద్రతో తెరుచుకోవడం ఆ ఒక్క ఫోనుకే కట్టుబడి ఉంటుంది. ఫైలుతో కొత్త ఫోనుకి వెళ్ళినప్పుడు వేలిముద్ర చెల్లదు, పాస్‌వర్డే కొట్టాలి. రెండేళ్ళు వేలితోనే తెరిచినవాళ్ళకు పాస్‌వర్డ్ గుర్తుండదు. ఏజిస్ అప్పుడప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. విసుగనిపించినా ఆ గుర్తుచేయడాన్ని ఆపేయకండి.

శనివారం కొత్త ఫోను వచ్చాక చేయాల్సింది చాలా తక్కువ: ఏజిస్ దించడం, ఫైలు ఇంపోర్ట్ చేయడం, పాస్‌వర్డ్ కొట్టడం, మళ్ళీ 12 లెక్కపెట్టడం. ఆ తర్వాత సెట్టింగ్స్‌లోని `Backups` లో ఆటోమేటిక్ బ్యాకప్ ఆన్ చేసి ఫోల్డర్ చూపిస్తే, కొత్త అకౌంట్ చేర్చినప్పుడల్లా ఫైలు తనంతట తానే తయారవుతుంది. అరువు ఫోనులోని ఏజిస్ తీసేయవచ్చు. నమ్మకమైన మనిషిదైతే అలాగే ఉంచినా నష్టం లేదు, పాస్‌వర్డ్ లేకుండా వాళ్ళకు తెరుచుకోదు, మీకు రెండో కాపీగా పనికొస్తుంది. కొత్త ఫోను ఐఫోను అయితే ఏజిస్ దానికి లేదు కాబట్టి ఇదే పని ఎంటే ఆథ్‌తో చేయాలి. అదీ గూగుల్ ఆథెంటికేటర్ క్యూఆర్‌లను తీసుకుంటుంది.

పాత ఫోను ఇవ్వకముందే అసలు లాగిన్ పరీక్ష కూడా చేయాలి. కోడ్లు కలవడం ఒకటి, వెబ్‌సైట్ ఒప్పుకోవడం ఇంకొకటి. మామూలు బ్రౌజర్‌లో లాగిన్ అయితే కోడు అడక్కుండానే లోపలికి పంపేయవచ్చు, ఎందుకంటే ఎప్పుడో "ఈ పరికరాన్ని గుర్తుపెట్టుకో" అని టిక్ పెట్టి ఉంటారు. అందుకని కంప్యూటర్‌లో మామూలు విండోలో లాగిన్ అయి ఉన్నదాన్ని అలాగే తెరిచి ఉంచి, పక్కన ప్రైవేట్ విండో తెరిచి అందులో పాస్‌వర్డ్, ఏజిస్ కోడు కొట్టి చూడండి. మొదటి విండో ఎందుకు మూయకూడదంటే, కోడు పనిచేయకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కొత్త క్యూఆర్ తీసుకోవడానికి మిగిలిన దారి అదే. ఒకసారి లాగౌట్ అయితే అదీ పోతుంది. కాగితం మీది పట్టీలో ఒక్కొక్క పేరుకూ టిక్ పెట్టుకుంటూ వెళ్ళండి. ముందుగా మెయిల్ అకౌంట్లు చూడండి, మిగతావాటి పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలన్నా అవే ఆధారం. ఆ వెంటనే గిట్‌హబ్. అక్కడ రికవరీ కోడ్లు కూడా లేకపోతే అకౌంట్ తిరిగి ఇవ్వలేకపోవచ్చని వాళ్ళే ముందుగా చెప్తున్నారు. లాగిన్ అయి ఉండగానే `github-recovery-codes.txt` దించి పెట్టుకోండి.

ఈ పద్ధతికి లొంగనిది ఒకటుంది, ఆఫీసు అకౌంట్. మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్‌లో "అప్రూవ్" నొక్కమనో, తెర మీది అంకె కొట్టమనో వచ్చేది ఆరంకెల కోడు కాదు. అది ఆ ఫోనుతోనే రిజిస్టర్ అయి ఉంటుంది. బ్యాకప్ తెచ్చుకుంటే అకౌంట్ పేరు కనిపిస్తుంది గానీ మళ్ళీ సైన్ ఇన్ చేసి రిజిస్టర్ చేసుకోమంటుంది. పైగా ఆండ్రాయిడ్‌లో చేసిన బ్యాకప్ ఐఫోనులో దిగదు, అక్కడిది ఇక్కడ దిగదు. పాత ఫోను చేతిలో ఉండగానే `mysignins.microsoft.com` లోని `Security info` పేజీలో ఇంకొక పద్ధతి చేర్చుకోవడం, కనీసం ఫోను నంబరు, ఉత్తమం. లేకపోతే సోమవారం పొద్దున్నే ఐటీ వాళ్ళకు టికెట్ వేసి, వాళ్ళు రీసెట్ చేసేదాకా కూర్చోవాలి. శనివారం ఫోను మార్చేవాళ్ళు ఈ పని శుక్రవారం ఆఫీసు వేళల్లోనే చూసుకోవాలి.

ఫోను అప్పటికే పగిలిపోయి ఉంటే? తెర మీద బొమ్మ కనిపిస్తూ టచ్ మాత్రం పనిచేయకపోతే, చాలా ఆండ్రాయిడ్ ఫోనులకు ఓటీజీ అడాప్టర్‌తో మామూలు కంప్యూటర్ మౌస్ తగిలిస్తే బాణం గుర్తు వస్తుంది. దాంతో లాక్ తీసి ఎక్స్‌పోర్ట్ దాకా వెళ్ళవచ్చు. తెర మొత్తం నల్లబడితే డిస్‌ప్లే మార్పించడం దండగ అనుకోకండి, లోపల ఉన్న సీక్రెట్ల కోసమైనా ఒకసారి మార్పించడం మేలు. రిపేరు షాపులో ఇచ్చేటప్పుడు మాత్రం "ఏం చేసినా ఫార్మాట్ కొట్టొద్దు" అని ముందే చెప్పి, రసీదు మీద రాయించుకోండి. ఫార్మాట్ కొడితే ఫొటోలు కొన్నైనా ఎక్కడో దొరుకుతాయి, సీక్రెట్లు దొరకవు.

ఫోను దొంగతనం జరిగితే తరలించడం ఒక్కటే చాలదు. ఫైలులోంచి కొత్త ఫోనులోకి తెచ్చుకున్న సీక్రెట్లే దొంగ దగ్గరున్న ఫోనులోనూ ఉన్నాయి, రెండూ ఒకే కోడు ఇస్తాయి. ఒక్కొక్క వెబ్‌సైట్‌లోకీ వెళ్ళి రెండంచెల సెట్టింగ్‌లో ఆథెంటికేటర్‌ను మార్చాలి. గూగుల్‌లో దాని పేరు `Change authenticator app`. కొత్త క్యూఆర్ స్కాన్ చేసి, దాని కోడు కొట్టి ఖాయం చేసిన క్షణం నుంచి పాత సీక్రెట్ చెల్లదు. యాప్‌లో వరస చెరిపేస్తే వెబ్‌సైట్‌లో రెండో అంచె ఆగిపోతుందనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఆగదు. వెబ్‌సైట్ కోడు అడుగుతూనే ఉంటుంది, ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

శనివారం గుమ్మం దగ్గర ఇవ్వబోయే పాత ఫోనుకి ఇదేమీ అక్కర్లేదు, సరిగ్గా రీసెట్ చేస్తే సీక్రెట్లు అందులోంచి పోతాయి. కాగితం మీది 12 పేర్లకూ టిక్కులు పడ్డాయా, ఆఫీసు అకౌంట్‌కి రెండో పద్ధతి ఉందా, ఫైలు ఒకసారి తెరిచి చూశారా అని చూసుకుని, అప్పుడు సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తొలగించి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. రీసెట్ అయ్యేసరికి పది నిమిషాలైనా పడుతుంది, డెలివరీవాళ్ళ కాల్ రాకముందే మొదలుపెట్టండి.